నగరి మరమగ్గాల షెడ్డులో ఒక రోజు: తెగిన పోగుల లెక్క
(ఒక విద్యార్థి బృందం క్షేత్ర సందర్శన నివేదిక)

తిరుపతిలోని మా ఉన్నత పాఠశాల సైన్సు సంఘం సభ్యులం పన్నెండు మందిమి, మా సైన్సు మాస్టారితో కలిసి, మార్చి నెలాఖరులో ఒక శనివారం నగరికి వెళ్ళాము. రేణిగుంట నుంచి అరక్కోణం పోయే రైలు మార్గంలో పుత్తూరు దాటిన తరువాత ఏకాంబరకుప్పం వస్తుంది. నగరిని ఆనుకొని ఉన్న ఊరు అది. పుత్తూరు, నారాయణవనం, నగరి, ఏకాంబరకుప్పం, ఇవన్నీ పాతకాలం నుంచి నేతగాళ్ళు ఉన్న ఊళ్ళే. చేతిమగ్గాలు ఉండిన వీధుల్లో ఇప్పుడు ఎక్కువగా మరమగ్గాల చప్పుడే వినిపిస్తుంది.

మొదట నూలు మిల్లు చూద్దామని అనుకున్నాము. నూలు మిల్లు అనగానే మా ఇళ్ళలో పెద్దలకు గుర్తుకు వచ్చేది రేణిగుంటలోని తిరుపతి కాటన్ మిల్లు. జాతీయ జౌళి సంస్థకు చెందిన ఆ మిల్లులో 2020 మార్చిలో యంత్రాలు ఆగాయి. అందువల్ల దారం తయారయ్యే చోటు మాని, దారం గుడ్డగా మారే చోటుకే వెళ్ళాము.

మేము చూసిన షెడ్డులో ఇరవై నాలుగు మగ్గాలు ఉన్నాయి. ఆ రోజు వాటి మీద లోపావడాలకు వాడే తెల్లని నూలు గుడ్డ నేస్తున్నారు. వెళ్ళే ముందే మాస్టారు ఒక షరతు పెట్టారు. "కనిపించినదంతా రాసుకొని రాకండి. ఒకే ఒక ప్రశ్న పట్టుకొని వెళ్ళండి" అన్నారు. మేము ఎన్నుకొన్న ప్రశ్న ఇది: మగ్గం రోజుకు ఎంత గుడ్డ నేయగలదు, నిజానికి ఎంత నేస్తున్నది?

మొదటి పరిశీలన: గుడ్డలో పోగులు లెక్కపెట్టడం

నేత గుడ్డలో పొడుగునా పోయే పోగులను పడుగు అంటారు, అడ్డంగా పోయే పోగులను పేక అంటారు. పడుగు అంతా మగ్గం వెనుక ఒక పెద్ద బీముకు చుట్టి ఉంటుంది. అక్కడినుంచి ఒక్కొక్క పోగు అచ్చులోని ఒక్కొక్క కన్నులో దూరి ముందుకు వస్తుంది. అచ్చులు ఒకటి పైకి, ఒకటి కిందికి కదిలినప్పుడు పోగుల మధ్య ఒక దారి తెరుచుకొంటుంది. ఆ దారిలో నాడె ఈ చివరినుంచి ఆ చివరకు దూసుకుపోయి పేకను పరుస్తుంది. దాని వెంటనే పన్నె, అంటే ఇనుప పళ్ళ దువ్వెన వంటిది, వచ్చి ఆ పేకను గుడ్డ అంచుకు గట్టిగా కొడుతుంది. చేతిమగ్గంలో చేతులూ కాళ్ళూ చేసే ఈ పనులన్నీ ఇక్కడ ఒక విద్యుత్ మోటారు చేస్తుంది.

భూతద్దం, స్కేలు, ఒక గుండుసూది తీసుకొని నేసిన గుడ్డలో ఒక అంగుళం మేర పోగులు లెక్కపెట్టాము. పడుగు పోగులు 60, పేక పోగులు 52. గుడ్డ వెడల్పు 44 అంగుళాలు. కనుక మొత్తం పడుగు పోగులు 44 × 60 = 2640. ఇన్ని పోగులనూ బీము మారినప్పుడల్లా కన్నుల్లోంచి కొత్తగా దూర్చాలంటే ఎంత సమయం పడుతుందో ఊహించండి. అందుకే అలా చేయరు. అయిపోయిన పడుగు చివరలను వదిలిపెట్టి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే వాటికి పురిపెట్టి కలుపుతారు. దీన్ని అచ్చు అతకడం అంటారు. మూలన ఇద్దరు అక్కలు ఆ పనిలోనే ఉన్నారు. వారి వేళ్ళు కదిలే వేగం చూసి మాలో చాలామంది అక్కడే నిలబడిపోయారు.

వాడుతున్నది 40 నంబరు నూలు. నంబరు అంటే ఏమిటో మేస్త్రి చెప్పారు. 840 గజాల దారాన్ని ఒక చిలపగా లెక్కిస్తారు. ఒక పౌను, అంటే 454 గ్రాముల నూలులో ఎన్ని చిలపలు వస్తే ఆ నూలు అన్నవ నంబరు. నంబరు పెరిగినకొద్దీ దారం సన్నబడుతుందన్న మాట. 40 నంబరు నూలు ఒక పౌను తీసుకొని సాగదీస్తే 33,600 గజాలు, అంటే దాదాపు 31 కిలోమీటర్లు వస్తుంది. తిరుపతి నుంచి రేణిగుంటకు పరిచి, వెనక్కి తెచ్చి, మళ్ళీ రేణిగుంటకు పరచవచ్చు!

రెండవ పరిశీలన: ఒక గంట లెక్క

మగ్గం నిమిషానికి ఎన్ని పేకలు కొడుతున్నదో చూడాలి. చెవితో లెక్కపెట్టడం సాధ్యం కాలేదు. ఇరుసు చివర ఒక చక్రానికి సుద్దతో గీత గీసి, గడియారం పట్టుకొని, గీత తిరిగి వచ్చినప్పుడల్లా లెక్కించాము. నిమిషానికి 130 పేకలు. అంగుళానికి 52 పేకలు కనుక, 130ని 52తో భాగిస్తే నిమిషానికి రెండున్నర అంగుళాల గుడ్డ. గంటకు 150 అంగుళాలు. ఎనిమిది గంటలకు 1200 అంగుళాలు, అంటే సుమారు 30 మీటర్లు.

కానీ షెడ్డు పుస్తకంలో ఆ మగ్గానికి రోజుకు ఇంచుమించు 22 మీటర్లే రాసి ఉన్నది. మిగిలిన ఎనిమిది మీటర్లు ఏమైనట్లు?

దీనికోసం ఒకే మగ్గం ముందు సరిగ్గా గంటసేపు నిలబడ్డాము. ఒకరు గడియారం, ఒకరు పుస్తకం. మగ్గం ఆగినప్పుడల్లా ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది అని రాసుకొన్నాము. నాడెలోని కండె అయిపోయి కొత్తది వేయడానికి ఐదుసార్లు ఆగింది. మొత్తం మూడు నిమిషాలు. పేక తెగి రెండుసార్లు, రెండు నిమిషాలు. నాడె సరిచూసుకోవడానికి ఒకసారి, ఒక నిమిషం. పడుగు పోగు తెగి నాలుగుసార్లు ఆగింది. ఆ నాలుగింటికే 11 నిమిషాలు పోయాయి.

మొత్తం 17 నిమిషాలు. అంటే మగ్గం నడిచింది 43 నిమిషాలే. నిమిషానికి రెండున్నర అంగుళాల చొప్పున గంటకు 107న్నర అంగుళాలు. ఎనిమిది గంటలకు 860 అంగుళాలు, ఇంచుమించు 22 మీటర్లు. పుస్తకంలోని అంకెకు సరిపోయింది.

పేక తెగితే ఒక నిమిషం, పడుగు తెగితే దాదాపు మూడు నిమిషాలు. ఎందుకు ఈ తేడా? పేక తెగినప్పుడు నాడెలోని దారం చివర పట్టుకొని మళ్ళీ వదిలితే చాలు. పడుగు తెగినప్పుడు మగ్గం వెనుకకు వెళ్ళి 2640 పోగుల్లో ఆ ఒక్కదాన్ని వెతకాలి. తెగిన చోట కొత్త దారపు ముక్క ముడివేయాలి. ఆ ముడి కన్నులో దూరేంత చిన్నదిగా ఉండాలి. ఖాళీగా ఉన్న కన్ను వెతికి అందులోంచి లాగాలి, తరువాత పన్నెలో సరైన సందు వెతికి అందులోంచి లాగాలి. పైగా ఆ కార్మికుడు ఒక్క మగ్గమే చూడడు, నాలుగు మగ్గాలు చూస్తాడు. మేము రాసుకొన్న 11 నిమిషాల్లో ఐదు నిమిషాలు, ఆయన పక్క మగ్గం దగ్గర ఉండగా ఈ మగ్గం ఎదురుచూసిన సమయమే.

టీ వేళకు ఆయన బయటికి వచ్చి వేపచెట్టు కింద మాతో కూర్చున్నారు. వయసు అరవై దాటి ఉంటుంది. "కూలి మీటరు లెక్కన నాయనా. మగ్గం ఆగితే కూలీ ఆగినట్టే. పోగు తెగింది యజమాని మగ్గంలోనే గానీ, తెగేది నా కూలి" అన్నారు. మేము అక్కడే లెక్క వేసి చూపించాము. పడుగు తెగడం గంటకు నాలుగు నుంచి రెండుకు తగ్గితే, ఒక్కొక్క మగ్గం మీద గంటకు ఐదున్నర నిమిషాలు మిగులుతాయి. రోజుకు ఒక మగ్గానికి 2.8 మీటర్లు, నాలుగు మగ్గాలకు 11 మీటర్లు. ఆయన కాగితం కేసి చూసి, "అంతే ఉంటాది. లెక్క కట్టుకోలేదు గానీ, తెగని దినం సాయంత్రానికి చేతికి తెలుస్తాది" అన్నారు.

మూడవ పరిశీలన: మగ్గానికి తెలిసినది, తెలియనిది

ఇక్కడ మాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన సంగతి చెబుతాము. పేక తెగగానే మగ్గం తనంతట తానే ఆగిపోయింది. పడుగు తెగితే ఆగలేదు! కార్మికుడు చూసి ఆపేదాకా నడుస్తూనే ఉన్నది.

పేక తెగినట్లు మగ్గానికి ఎలా తెలుస్తుంది? గుడ్డ అంచు దగ్గర తేలికైన చిన్న ఇనుప ఫోర్కు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పన్నె ముందుకు వచ్చినప్పుడు, పరిచిన పేక ఆ ఫోర్కు ముళ్ళకు తగిలి వాటిని వెనక్కి నెడుతుంది. అప్పుడు ఫోర్కు తోక పైకి లేస్తుంది. పేక లేకపోతే నెట్టేది ఏదీ ఉండదు; తోక కిందనే ఉండి, దాని కొక్కెం వెనక్కి వెళ్ళే ఒక మీటకు చిక్కుకొంటుంది. ఆ లాగుడుకు మగ్గం నడిపే పిడి జారి మగ్గం ఆగిపోతుంది. కరెంటు కన్ను లేదు, బ్యాటరీ లేదు. ఒక్క పోగు చేసే ఒత్తిడే దీనికి సంకేతం. ఫోర్కు ఒక పక్కనే ఉంటుంది కనుక ఒక పేక విడిచి ఒక పేకనే అది పరీక్షించగలదు. ఇంగ్లండులో 1842 నాటికి వచ్చిన లాంకషైర్ మగ్గంలోనే ఇటువంటి ఏర్పాటు ఉన్నది.

పడుగుకూ ఇటువంటిది చేయవచ్చు. ఒక్కొక్క పడుగు పోగుకు ఒక్కొక్క పలుచని లోహపు రేకు తగిలిస్తే, పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు దాని మీద వేలాడుతుంది. పోగు తెగితే రేకు కింద పడి మగ్గాన్ని ఆపుతుంది. వీటిని డ్రాపర్లు అంటారు. జపానులో సకీచి టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గం పడుగు తెగినా, పేక తెగినా ఆగేది. నాడె మార్చడానికి మాత్రం ఆగనక్కరలేదు. ఆయన కుమారుడు మొదలుపెట్టినదే ఈనాడు మనం రోడ్ల మీద చూసే టొయోటా కార్ల పరిశ్రమ.

మేము చూసిన మగ్గాలకు డ్రాపర్లు లేవు. ఒక్కొక్క మగ్గానికి 2640 రేకులు కావాలి; అచ్చు అతికినప్పుడల్లా వాటిని కూడా చూసుకోవాలి. పాత మగ్గాలకు అంత ఖర్చు గిట్టదని మేస్త్రి చెప్పారు. ఇక్కడ డ్రాపర్ల పని చేసేవి కార్మికుడి కళ్ళే. తెగిన పోగును వెంటనే చూడకపోతే, దాని కొస పక్క పోగులకు చుట్టుకొని వాటినీ తెంపుతుంది. గుడ్డలో అక్కడ పేకలు అల్లుకోకుండా తేలిపోయి గూడులా కనబడతాయి. అటువంటి గుడ్డను రెండో రకం కింద కడతారు. షెడ్డు బయట ఒక మూటలో అటువంటి ముక్కలు చూశాము.

నాల్గవ పరిశీలన: పోగు ఎందుకు తెగుతుంది?

పోగు నాసిరకం కావడం వల్ల తెగిందని అనుకోవడం తేలిక. మాస్టారు మరొక లెక్క వేయించారు. ఆ గంటలో నేసిన గుడ్డ 107న్నర అంగుళాలు, పడుగు పోగులు 2640. రెంటినీ గుణిస్తే మగ్గంలోంచి గడిచిన పడుగు దారం మొత్తం 7 కిలోమీటర్లకు పైగా వచ్చింది. అంత దారంలో తెగినది నాలుగు చోట్లే. అంటే ఒక్కొక్క పోగు చాలా గట్టిదే; కానీ అటువంటివి వేల పోగులు పక్కపక్కన ఉన్నప్పుడు, ఎక్కడో ఒకటి తెగుతూనే ఉంటుంది.

మరి ఆ పోగు ఏమేమి ఓర్చుకోవాలో చూడండి. అచ్చుల వెనుకనుంచి గుడ్డ అంచు దాకా, పోగులు పైకీ కిందికీ కదిలే దూరం మా టేపు ప్రకారం 20 అంగుళాలు. అంగుళానికి 52 పేకలు కనుక, పోగులోని ఏ చోటైనా ఈ దూరం దాటి గుడ్డలో చేరేలోగా 20 × 52 = 1040 సార్లు లాగబడుతుంది. అది కూడా ఎనిమిది నిమిషాల్లో! చివరి ఐదు అంగుళాల్లో పన్నె పళ్ళు దానిని రుద్దుతాయి. అక్కడే మరి 260 రాపిళ్ళు.

ఈ రాపిడికి ఒంటిపోగు నూలు నిలబడదు. దాని ఒంటినిండా సన్నని నూగు ఉంటుంది. రుద్దినకొద్దీ నూగు లేచి, పీచు విడిపోయి, పోగు పలుచబడి తెగుతుంది. అందుకే పడుగుకు గంజి పెడతారు. ఊరిలోనే గంజి పెట్టే చోటు వేరే ఉన్నది, అక్కడికీ వెళ్ళి చూశాము. మొక్కజొన్న పిండి గానీ కర్రపెండలం పిండి గానీ ఉడికించి, మెత్తదనానికి కొద్దిగా కొవ్వు పదార్థం కలుపుతారు. పడుగు పోగులన్నీ ఒక దుప్పటిలా పరుచుకొని ఆ వేడి గంజి తొట్టిలో మునిగి, రెండు రోలర్ల మధ్య పిండబడి, ఆవిరితో వేడెక్కిన పెద్ద డ్రమ్ముల మీదుగా ఆరుతూ పోతాయి. గంజి పోగు మీద పొరలా పట్టి నూగును అణచివేస్తుంది.

గంజి ఎంత పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం చేశాము. పాత పన్నె ముక్క ఒకటి అడిగి తెచ్చుకొని, దాని పళ్ళ మీదుగా ఒక పోగును వేసి, కొసకు 50 గ్రాముల బరువు కట్టి, ముందుకూ వెనక్కూ లాగాము. గంజిలేని పోగులు ఐదింటిని లాగితే సగటున 40 లాగుళ్ళకు తెగాయి. గంజి పెట్టినవి ఐదు లాగితే సగటు 170 వచ్చింది.

అయితే గంజి ఎక్కువైతే మంచిదేనా? కాదు. ఎక్కువ పెట్టినా, మరీ ఎండగట్టినా పోగు పెళుసెక్కుతుంది. గంజి సరిగా ఉన్నదో లేదో ఆ పెద్దాయన మగ్గం కిందకు చూసి చెప్పగలరు. తెల్లని పొడి రాలి ఉంటే గంజి ఎక్కువైనట్లు, లేదా పోగు మీద నిలవడం లేనట్లు. దూది పింజలు పేరుకొని ఉంటే గంజి చాలనట్లు. ఆయన ఒక మగ్గం కిందనుంచి గుప్పెడు తీసి మా అరచేతుల్లో వేశారు. అందులో ఎక్కువ దూదే ఉన్నది. ఆ మగ్గమే మేము గంటసేపు చూసిన మగ్గం.

గంజికి నేతతో పని తీరిపోతుంది. రంగు వేయడానికి ముందు గుడ్డను ఉతికి దానిని తీసివేయాలి. ఆ గంజినీళ్ళు వాగులో కలిస్తే సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. అవి పెరిగి, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకొంటాయి. చేపలకు మిగలదు. రంగునీళ్ళు కంటికి కనబడతాయి కనుక అందరూ వాటినే తిడతారు గానీ, గంజినీళ్ళను ఎవరూ పట్టించుకోరు.

ఐదవ పరిశీలన: గాలిలో తేమ

షెడ్డులో అడుగుపెట్టగానే ఒళ్ళంతా చెమట పట్టింది. కిటికీలు మూసి ఉన్నాయి, నేల మీద నీళ్ళు చల్లి ఉన్నది. మేము రెండు థర్మామీటర్లు తీసుకొనిపోయాము. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంచాము. బయట పొడి థర్మామీటరు 36 డిగ్రీలు, తడిది 26 డిగ్రీలు చూపాయి. పట్టిక చూస్తే గాలిలో తేమ సుమారు 45 శాతం. షెడ్డులో పొడిది 33, తడిది 29. తేమ సుమారు 74 శాతం.

ఈ తేమ పోగు కోసం. నూలు పీచు గాలిలోని తేమను పీల్చుకొంటుంది, పీల్చుకొన్నకొద్దీ గట్టిపడుతుంది. తడిసిన నూలు పొడి నూలుకంటే బలమైనది. గంజి పొర కూడా తేమ ఉంటే మెత్తగా వంగుతుంది, లేకుంటే పగులుతుంది. అందుకే నేత షెడ్లలో తేమ 75 నుంచి 85 శాతం దాకా ఉండాలని కోరుకొంటారు. రాయలసీమ ఎండాకాలంలో మధ్యాహ్నం పూట గాలి ఎండిపోతుంది, పోగులు తెగడం ఎక్కువవుతుంది. "ఎండ దిగినాక మగ్గం బాగా నడుస్తాది. తెల్లారి జామున ఇంకా బాగా" అని పెద్దాయన అన్నారు.

పోగుకు ఎంత హాయిగా ఉంటే మనిషికి అంత కష్టంగా ఉంటుందని మాకు అనిపించింది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఆ వేడిలో ఎనిమిది గంటలు నాలుగు మగ్గాల మధ్య తిరగాలి.

ఇక చప్పుడు. బరువైన కొయ్య నాడెను ఒక కర్ర కొట్టి తోస్తుంది, అవతల పెట్టె దానిని ఆపుతుంది. నిమిషానికి 130 సార్లు కొట్టుడు, 130 సార్లు ఆపుడు. అటువంటి మగ్గాలు ఇరవై నాలుగు. నాడె మగ్గాల షెడ్లలో చప్పుడు సాధారణంగా 90 డెసిబెళ్ళు దాటే ఉంటుంది. ఎనిమిది గంటల పనికి మన దేశపు నిబంధనలు పెట్టిన హద్దు ఆ 90 డెసిబెళ్ళే. మాలో కొందరు చెవుల్లో దూది పెట్టుకొన్నారు. మామూలు దూది శబ్దాన్ని పెద్దగా ఆపదని, చెవి రంధ్రాన్ని పూర్తిగా మూసే బిరడాలు కావాలని మాస్టారు చెప్పారు. షెడ్డులో ఎవరి చెవుల్లోనూ అవి కనబడలేదు. వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు, మాలో ఒకరు పక్కనుంచి అడిగిన ప్రశ్న పెద్దాయనకు వినబడలేదు. ఎదురుగా వచ్చి అడిగితే పెదవులు చూసి జవాబు చెప్పారు. షెడ్డులో మాత్రం ఆయనకు మాటలతో పని లేదు. ఒక మగ్గం చప్పుడు తేడాగా వస్తే, వీపు తిప్పి ఉన్నా తెలుసుకొని అటు వెళ్ళడం మేము రెండుసార్లు చూశాము.

మీరూ చేసి చూడండి

తడి నూలు నిజంగా గట్టిదేనా అన్నది ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక నూలు గుడ్డ అంచు నుంచి పదిహేను అంగుళాల పోగులు పది లాగండి. అది నూలేనని ముందు నిర్ధారించుకోండి: పెద్దలను దగ్గర ఉంచుకొని ఒక పోగు కాలిస్తే, నూలు కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పోగు ఒక కొసను మేకుకు కట్టి, రెండో కొసకు తేలికైన కాగితపు కప్పు వేలాడదీసి, పోగు తెగేదాకా అందులో కొద్దికొద్దిగా ఇసుక పోయండి. ఇసుకను తూచి రాసుకోండి. ఐదు పోగులను పొడిగా, ఐదింటిని నీటిలో నానబెట్టి పరీక్షించండి. ఒక్క పోగుతో తేల్చకండి. పోగుకూ పోగుకూ తేడా చాలా ఉంటుంది, కనుక సగటు తీయాలి. ముడి దగ్గర తెగిన పోగును లెక్కలోంచి తీసివేయాలి, ఎందుకంటే అది ముడి బలం, పోగు బలం కాదు.

తరువాత రేయాన్ గుడ్డ ముక్క దొరికితే దానితోనూ ఇదే చేయండి. అక్కడ ఫలితం తలకిందులుగా వస్తుంది. రేయాన్ కూడా నూలు వలెనే సెల్యులోజ్‌తో తయారైనదే. అయినా తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది.